తాంబూలాల పూట తీపి: పళ్ళేనికి, విస్తరికి, పెట్టెకి

నిశ్చితార్థానికి తీపి మూడు చోట్ల కావాలి. మొదటిది పళ్ళెం. ఆడపెళ్ళివారు, మగపెళ్ళివారు తాంబూలాలు మార్చుకునేటప్పుడు పసుపు కుంకుమలు, పూలు, పళ్ళు, బట్టలతో పాటు చేతులు మారే మిఠాయి అది. రెండోది విస్తరి. లగ్నపత్రిక చదవడం అయ్యాక భోజనాల బంతిలో వడ్డించే తీపి. మూడోది పెట్టె. వచ్చిన చుట్టాలు తిరుగు ప్రయాణంలో చేత పట్టుకుని వెళ్ళేది. ఈ మూడింటికీ ఒకే మిఠాయి పనికిరాదు. పళ్ళెంలోది వారం రోజులైనా నిలవాలి, ఎందుకంటే దాన్ని మగపెళ్ళివారు ఇంటికి తీసుకువెళ్ళి ఇరుగుపొరుగుకూ బంధువులకూ పంచుతారు. విస్తట్లోది అప్పటికప్పుడు వేడిగా, రుచిగా ఉండాలి, రేపటికి నిలవనవసరం లేదు. పెట్టెలోది బస్సులోనో రైల్లోనో కుదుపులు తట్టుకోవాలి. పిల్ల తండ్రి కాగితం కలం తీసుకుని కూర్చున్నప్పుడు ముందు ఈ మూడు పద్దులూ విడగొట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. విడగొట్టకుండా దుకాణానికి వెళితే కిలో ధర ఒక్కటే కంటికి కనబడుతుంది, డబ్బు ఎక్కడ ఖర్చవుతోందో తెలియదు.

పళ్ళేల్లో ఏముండాలన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో అరిసెలు, సున్నుండలు, లడ్డూలు, కాజాలు, కజ్జికాయలు సాధారణంగా కనిపిస్తాయి. తెలంగాణలో ఈ వేడుకను చాలాచోట్ల పూలుపండ్లు అంటారు. అక్కడి పళ్ళేల్లో గరిజెలు, అరిసెలు, వాటి పక్కన కారానికి సకినాలు ఉంటాయి. రాయలసీమలో పండగకైనా శుభకార్యానికైనా భక్ష్యాలదే పెద్దపీట. పళ్ళేల సంఖ్య మాత్రం దాదాపు అంతటా బేసిగానే ఉంటుంది. ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండు, ఇరవై ఒకటి. మిఠాయిల లెక్క కూడా 51 అనో 101 అనో సాగుతుంది. ఇది శాస్త్రంలో రాసిన నియమం కాదు, ఇంటి ఆనవాయితీ. అందుకే ఏ ఇంటికి ఆ ఇంటి పెద్దావిడ మాటే ప్రమాణం.

ఇక్కడి నుంచి సంగతి లెక్కల్లోకి వెళుతుంది కాబట్టి ఒక కుటుంబాన్ని ఊహించుకుని చూడటం మేలు. రాజమహేంద్రవరంలో ఉంటున్న ఒక తండ్రి. ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. శ్రావణమాసంలో కూతురి నిశ్చితార్థం. మగపెళ్ళివారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. ఇరువైపులా కలిపి నూట యాభై మంది. మిఠాయిలకని ఆయన పక్కన పెట్టుకున్న సొమ్ము 32,000 రూపాయలు. ఇక్కడ చెప్పే ధరలు లెక్క నడవడానికి తీసుకున్నవే. ఊరిని బట్టి, దుకాణాన్ని బట్టి అవి మారతాయి.

ఇంట్లో మూడు గొంతులు ఉన్నాయి. ఆయన తల్లి మాట ఒకటే: "ఒరేయ్, మన ఇంటి పిల్ల తాంబూలాలకి అరిసెలు లేకుండా పళ్ళెం ఎలా పెడతావురా? సున్నుండలు కొనుక్కొచ్చినవి పెడితే ఎవరైనా నవ్వుతారు." భార్యకు పరువు సంగతి ముఖ్యం. "ఏవండీ, వాళ్ళు పెద్ద ఊరు నుంచి వస్తున్నారు, అన్నీ నేతివే తీసుకోండి" అని ఆవిడ కోరిక. కూతురికి కాజూ కత్లీ ఇష్టం. పెట్టెలు చక్కగా ఉండాలని, అందరికీ అదే ఇవ్వాలని ఆమె ఆశ. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. ఒక్కొక్కరి కోరికను ఏ పద్దులో తీర్చవచ్చో చూసుకోవడమే తండ్రి పని.

మొదట ఆయన ఊళ్ళో పేరున్న ఒక దుకాణంలో అన్నీ నేతి మిఠాయిలే అడిగి ధర కట్టించాడు. పళ్ళేలకు పదకొండుంబావు కిలోలు, కిలో 900 చొప్పున 10,125 రూపాయలు. భోజనంలో బూరెలకు 4,080. వంట మేస్త్రి చెప్పిన వేడి జిలేబీకి మనిషికి 30 చొప్పున 4,500. అరవై పెట్టెలు, ఒక్కోదానిలో అరకిలో నేతి మిఠాయి 450, ఖాళీ పెట్టె 40, కలిపి 490 చొప్పున 29,400. మొత్తం 48,105 రూపాయలు. చేతిలో ఉన్నదానికంటే పదహారు వేలు ఎక్కువ. ఆ కాగితాన్ని కాసేపు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అందరూ వాదించుకుంటున్నది పళ్ళేల గురించి. డబ్బు పోతున్నది మాత్రం పెట్టెల్లో. మొత్తంలో అరవై శాతం పైన అక్కడే ఉంది. సంప్రదాయానికి అయ్యే ఖర్చు నిజానికి చిన్నది.

అందుకని పళ్ళేల విషయంలో తల్లి మాటను పూర్తిగా నిలబెట్టడం సులువైంది. పదకొండు పళ్ళేల్లో ఐదు మిఠాయిలవి. అరిసెలు, సున్నుండలు, బూందీ లడ్డూలు, మడత కాజాలు, కజ్జికాయలు, ఒక్కొక్కటి 51. ఈ ఐదింటినీ పెద్దవాళ్ళు ఎంచుకోవడంలో రుచి ఒక్కటే కాదు, నిలవ గుణం కూడా ఉంది. అరిసెలో, సున్నుండలో, కాజాలో నీరు తక్కువ, తీపి ఎక్కువ. ఉన్న కాస్త తడినీ బెల్లమో పంచదారో పట్టి ఉంచుతుంది కాబట్టి వాటిని చెడగొట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. కోవా, కలాకండ్ లాంటి పాల మిఠాయిల్లో తడి ఎక్కువ. శ్రావణంలో బయట పెడితే రెండు రోజులకే పులుపు వాసన మొదలవుతుంది. హైదరాబాద్ చేరి, నాలుగిళ్ళకు పంచేసరికి నాలుగు రోజులు పట్టే పళ్ళెంలో పాల మిఠాయి పెట్టకపోవడమే మంచిది.

అరిసెల దగ్గర ఒక రాజీ కుదిరింది. ఒకప్పుడు అరిసెలు వండటమంటే ఇల్లంతటి పని. బియ్యం ఒక రోజంతా నానబెట్టి, నీళ్ళు వంచి, తడి పొడిగా ఉండగానే దంచి జల్లించాలి. పిండి ఆరిపోతే అరిసె గట్టిపడుతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో పైచిలుకు బెల్లం పాకం పట్టాలి. నీళ్ళలో ఒక చుక్క వేస్తే మెత్తని ఉండ కట్టే పదునులో దించి పిండి కలపాలి. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే మర్నాటికి కొరకలేనంత గట్టిగా తయారవుతుంది. ఒకరు పాకం చూస్తుంటే ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలి. ఆ ఇంట్లో ఇప్పుడు పనికి లేవగలిగింది ఇద్దరు ఆడవాళ్ళు. కాబట్టి అరిసెలు బయట చేయించి, సున్నుండలు ఇంట్లో చేయడానికి పెద్దావిడ ఒప్పుకుంది.

సున్నుండలకు ఆ ఇంటి కొలత తేలిక. కిలో పొట్టు మినప్పప్పు, ముప్పావు కిలో బెల్లం, అరకిలో నెయ్యి. మొత్తం రెండుంబావు కిలోలు వస్తుంది. ఉండ 44 గ్రాములు చొప్పున చుడితే సరిగ్గా 51 ఉండలు. పప్పు 140, బెల్లం 50, నెయ్యి 350, మరపట్టే కూలి ఓ పది. 550 రూపాయల్లో పని అయిపోయింది. దుకాణంలో నేతి సున్నుండలు కిలో 800. అదే పళ్ళేనికి రెండు కిలోలు కొన్నా 1,600 అయ్యేది. ఇందులో ఇంటివాళ్ళు జాగ్రత్తపడాల్సింది వేపుడు దగ్గర. సన్నటి సెగ మీద పప్పు కమ్మని వాసన వచ్చి, కొరికితే లోపల కూడా రంగు మారేదాకా ఓపికగా వేయించాలి. వేగకపోతే పిండి నాలుకకు అంటుకుని పచ్చి రుచి ఇస్తుంది. మాడితే చేదు వస్తుంది, ఎంత బెల్లం కలిపినా ఆ చేదు పోదు. నెయ్యి గోరువెచ్చగా ఉన్నప్పుడే చుట్టాలి. బాగా వేడిగా ఉంటే ఉండ నిలవదు, చల్లారిపోతే పగుళ్ళు వస్తాయి.

మిగిలిన నాలుగూ బయటివి. రెండు కిలోల అరిసెలు 900, రెండున్నర కిలోల లడ్డూలు 1,250, మూడు కిలోల కాజాలు 1,080, కిలోముప్పావు కజ్జికాయలు 700. ఇంటి సున్నుండల 550 కలిపితే ఐదు పళ్ళేలకూ 4,480 రూపాయలు. చలిమిడి ఇంట్లోనే కలుపుతారు, దానికి వేరే లెక్క రాయలేదు. కాజాల విషయంలో రాజమహేంద్రవరం వాళ్ళకు ఉన్న వెసులుబాటు ఎక్కువ. మడత కాజాకు పేరు పడ్డ తాపేశ్వరం మండపేట దగ్గరే ఉంది. గొట్టం కాజాకు పేరైన కాకినాడ కూడా దూరం కాదు. రెండింట్లో పళ్ళేనికి మడత కాజాయే అనువు. దానిలో పాకం మడతల మధ్య పట్టి ఉంటుంది. గొట్టం కాజా కొరికితే లోపలి పాకం కారుతుంది. తినడానికి అదే దాని అందం, కానీ పట్టుబట్టల మధ్య పళ్ళేల్లో పేర్చడానికి, దారిలో మోయడానికి అది ఇబ్బంది.

అన్నీ నేతివే కావాలన్న భార్య మాటను తండ్రి పక్కన పెట్టలేదు. ఎక్కడ నెయ్యి తెలుస్తుందో అక్కడే నెయ్యి అన్నాడు. సున్నుండలో, పూతరేకులో నెయ్యే రుచి, అది తగ్గితే ఆ మిఠాయే లేదు. కాజా, కజ్జికాయ మంచి నూనెలో వేగినా లోటు తెలియదు. ధర తేడా మాత్రం కిలోకు సగానికి సగం ఉంటుంది. దుకాణంవాళ్ళు నేతివి అని చెప్పినదానిలో నిజంగా నెయ్యి ఉందో లేదో నోరే చెబుతుంది. నెయ్యి ఒంటి వేడికి కరిగిపోతుంది. డాల్డా అంత తేలిగ్గా కరగదు, మింగాక కూడా అంగిటికి, పళ్ళ వెనక జిడ్డుపొర మిగులుతుంది. ఆ పొర తగిలితే నేతి ధర ఇవ్వనవసరం లేదు.

రుచి చూడటానికి కూడా ఒక పద్ధతి ఉంది. గాజు అద్దాల వెనక నుంచి తీసి ఇచ్చిన ముక్క అప్పటికప్పుడు నోట్లో వేసుకుంటే ప్రతిదీ బాగానే ఉంటుంది. నచ్చిన రెండు మూడు రకాలు పావుకిలో చొప్పున కొని ఇంట్లో మూత పెట్టి ఉంచి, మూడో రోజు తినాలి. పాత నూనెలో వేగిన కాజా అప్పటికి కారు వాసన వేస్తుంది. పాకం సరిగా పట్టని లడ్డూ పొడి పొడిగా రాలుతుంది. తీగపాకం పదునులో బూందీ పడిన లడ్డూ మాత్రం మెత్తగా ఉంటూనే ఆకారం నిలుపుకుంటుంది. కాజాను మధ్యకు విరిస్తే మడతలు పొరలు పొరలుగా విడివడాలి. ముద్దగా ఉంటే లోపల వేగలేదని అర్థం. రంగు మీద కూడా ఒక కన్ను వేయాలి. లడ్డూ పట్టుకున్న వేళ్ళకు, కాగితానికి పసుపు అంటుకుంటుంటే రంగు మోతాదు మించిందన్నమాట. అనుమతి ఉన్న కృత్రిమ రంగులకు కూడా ఆహార భద్రత నిబంధనల్లో పరిమితి ఉంది. చవకగా దొరికే మెటానిల్ ఎల్లో అనే పసుపు రంగును ఆహారంలో వాడటం పూర్తిగా నిషిద్ధం.

విడిగా అమ్మే మిఠాయిల దగ్గర, ఫలానా తేదీలోగా తినాలి అని రాసి పెట్టాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం. అది 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ చీటీ చాలామంది చూడరు. ఈ తండ్రి చూశాడు. తయారైన రోజు ఎప్పుడో కూడా అడిగాడు. ఒక దుకాణం చెప్పడానికి తటపటాయిస్తే అక్కడ లడ్డూలు ఇవ్వమనలేదు.

విస్తరి దగ్గర తర్జనభర్జన వంట మేస్త్రితో. "బాబుగారూ, మూడు తీపులండి. పూర్ణం బూరె, పరమాన్నం, పక్కన వేడి వేడి జిలేబీ. జనం జిలేబీ దగ్గర గుమిగూడతారండి" అన్నాడు ఆయన. తండ్రి ఆలోచన వేరు. అప్పటికే వచ్చినవాళ్ళ చేతిలో పానకం పడుతుంది, ఇంటికి పోయేటప్పుడు పెట్టె పడుతుంది. మధ్యలో మూడు తీపులు వడ్డిస్తే విస్తట్లో వదిలేసేది ఎక్కువవుతుంది. పరమాన్నం భోజనం ధరలోనే వస్తోంది. దానికి తోడు బూరె చాలు, జిలేబీ వద్దు అని తేల్చాడు. 4,500 మిగిలాయి. ఈ నిర్ణయం సరైనదే. బంతిలో ఒక తీపి బాగా కుదిరితే అదే గుర్తుంటుంది. మూడు పెడితే వడ్డించేవాళ్ళకూ తీరిక ఉండదు, బూరె వేడిగా విస్తట్లో పడదు.

మనిషికి రెండు బూరెలు. నూట యాభై మందికి మూడు వందలు. పిల్లలు, మారు అడిగేవాళ్ళు, వంటవాళ్ళు, డ్రైవర్ల కోసం మరో నలభై. బూరె పన్నెండు రూపాయల చొప్పున 340 బూరెలకు 4,080. ఈ మొత్తానికి నాలుగు కిలోల శనగపప్పు, దానికి సమానంగా బెల్లం చాలు. కిలో పప్పు ఉడికించి బెల్లంతో దగ్గరపడేదాకా ఉడికిస్తే దాదాపు తొంభై ఉండలకు సరిపడా పూర్ణం వస్తుంది. బూరె చెడేది రెండు చోట్ల. పప్పు ఉడికాక నీరు పూర్తిగా వార్చకపోతే పూర్ణంలో తడి మిగులుతుంది, అది నూనెలో ఆవిరై బూరెను పగలగొడుతుంది. పగిలిన ఒక్క బూరెలోని బెల్లం మూకుడంతా నల్లబరుస్తుంది, తర్వాత వేసినవన్నీ మాడు రంగులోకి మారతాయి. రెండోది తోపు. మినప్పప్పు, బియ్యం కలిపి రుబ్బిన ఆ పిండి మరీ జారుగా ఉంటే పూర్ణం పైకి కనబడుతుంది, చిక్కగా ఉంటే పైపొర మందమై లోపలి తీపి తగ్గుతుంది. మొదటి వాయిలో నాలుగు బూరెలు వేసి విరిచి చూపించమని వంట మేస్త్రిని అడిగితే కాదనడు. పూర్ణం నిలవ ఉండదు కాబట్టి పప్పు ఉడకబెట్టడం ఆ ఉదయమే జరగాలి.

ఇక అసలు భారం పెట్టెలది. మనిషికో పెట్టె కాదు, ఇంటికో పెట్టె. నూట యాభై మంది అంటే ఇక్కడ దాదాపు యాభై కుటుంబాలు. రాలేకపోయిన దగ్గరివాళ్ళు, పక్కింటివాళ్ళు, పాత ఆఫీసు స్నేహితులకు మరో పది. అందుకే అరవై. ఈ లెక్క ముందే వేసుకోకపోతే నూట యాభై పెట్టెలకు ఆర్డరు వెళ్ళిపోతుంది.

పెట్టెలో ఏం పెట్టాలి అన్నదానికి తండ్రికి ఒక స్పష్టత ఉంది. కాజూ కత్లీ హైదరాబాద్‌లో వీధి వీధినా దొరుకుతుంది. గోదావరి నుంచి తీసుకువెళ్ళామని చెప్పుకోగలిగింది ఆత్రేయపురం పూతరేకు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ మీద పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగితే వచ్చే రేకు, దాని మడతల్లో బెల్లం పొడో పంచదారో, నెయ్యి, జీడిపప్పు, బాదం. ఒక్కోటి ముప్పై రూపాయలు. ధరలో కత్లీ కంటే భారమేమీ కాదు, పరిమాణంలో పెట్టె నిండుగా కనిపిస్తుంది.

మొదట ఆయన పూతరేకులతో పాటు మూడు మడత కాజాలు కూడా పెడదామనుకున్నాడు. పూతరేకులు చుట్టే ఇంటావిడ ఒప్పుకోలేదు. "కాజా పక్కన పెట్టకండి బాబుగారూ, రేపటికి రేకు ముద్దవుతుందండి" అంది. ఆమె మాటలో పూర్తి నిజం ఉంది. కాగితం కంటే పలుచనైన ఆ రేకు చుట్టూ ఉన్న తడినల్లా పీల్చుకుంటుంది. పాకం మిఠాయి పక్కనుంటే కరకరలాడే గుణం ఒక్క రాత్రిలో పోతుంది. శ్రావణంలో గాలిలోని తేమ చాలదన్నట్టు పాకం తేమ కూడా కలుస్తుంది. బెల్లం పూతరేకు పంచదార దానికంటే త్వరగా మెత్తబడుతుంది, బెల్లానికి తడి పీల్చే గుణం ఎక్కువ. కాబట్టి వానాకాలంలో, ప్రయాణానికి పంచదారవి మేలు. ఒక్కొక్కటీ విడిగా గాలి చొరకుండా చుట్టి ఉండాలి.

కాజాల బదులు సున్నుండలు వచ్చాయి. పొడి మిఠాయి, రేకుకు హాని చేయదు. పెట్టెకు ఐదు పూతరేకులు 150, మూడు చిన్న సున్నుండలు 120 గ్రాములు 96, పెట్టె 40. మొత్తం 286. అరవైకి 17,160 రూపాయలు. మొదట అనుకున్న 29,400తో పోలిస్తే పన్నెండు వేలు తగ్గింది. అందుకున్నవాళ్ళకు మాత్రం తక్కువైనట్టు అనిపించదు. ఈ సున్నుండలు కూడా ఇంట్లోనే చేస్తే మరో నాలుగు వేలు మిగులుతాయని పెద్దావిడ అంది. కానీ అది నూట ఎనభై ఉండలు చుట్టే పని, అదీ నిశ్చితార్థం వారంలో. తండ్రి వద్దన్నాడు. ఆ వారంలో ఇంటి ఆడవాళ్ళ నడుములకు విశ్రాంతి కావాలి.

తూకం దగ్గర కూడా కొంత డబ్బు పోతుంటుంది. కొన్ని దుకాణాల్లో మిఠాయిని అట్టపెట్టెతో సహా తూస్తారు. అరకిలో పెట్టె అట్ట అరవై గ్రాములు ఉంటే, కిలో 900 మిఠాయికి ఆ అట్ట ధర 54 రూపాయలు పడుతుంది. అరవై పెట్టెలకు 3,240. తూనికలు, కొలతల చట్టం ప్రకారం అమ్మే సరుకు నికర బరువుకే డబ్బు తీసుకోవాలి, పెట్టె బరువు కలపకూడదు. తూచేముందు ఖాళీ పెట్టెను కాటా మీద పెట్టి సున్నాకు తెమ్మని అడగడం కొనేవాడి హక్కు. పెద్ద ఆర్డరు ఇచ్చేటప్పుడు ఈ మాట ముందే చెప్పి కాగితం మీద రాయించుకోవడం మంచిది. అలాగే చెప్పిన ధరలో జీఎస్టీ కలిసి ఉందా, వేరేగా వేస్తారా అన్నది కూడా.

కూతురి కాజూ కత్లీ సంగతి అప్పటికీ మిగిలింది. అరవై పెట్టెల్లో అది పెట్టలేకపోవచ్చు. కానీ ఉంగరాలు మార్చుకున్నాక అబ్బాయి, అమ్మాయి ఒకరికొకరు తీపి తినిపించుకునేటప్పుడు వెండి పళ్ళెంలో ఏముండాలో నిర్ణయించాల్సింది ఆ అమ్మాయే. అరకిలో కత్లీ, 500 రూపాయలు. వెండి రేకు అంటించినది తీసుకుంటే, ఆ రేకు తయారీలో జంతు సంబంధ పదార్థాలు వాడకూడదని 2016లోనే నిబంధన వచ్చింది కనుక దుకాణంవాణ్ణి అడిగి తీసుకోవచ్చు. శాకాహారం పట్టింపు ఉన్న ఇళ్ళలో ఈ ప్రశ్నకు విలువుంది.

ఇప్పుడు కూడిక: పళ్ళేలకు 4,480, బూరెలకు 4,080, పెట్టెలకు 17,160, కత్లీకి 500. మొత్తం 26,220 రూపాయలు. చేతిలో 5,780 మిగులుతుంది. ఇది ఆదా చేసుకోవడానికి కాదు. చెప్పకుండా వచ్చే చుట్టాల కోసం మరో ఐదారు పెట్టెలు, ఆత్రేయపురం నుంచి సరుకు తెచ్చే ఆటో, వంటవాళ్ళకు ఇచ్చే బహుమానం, అన్నీ ఇందులోంచే పోవాలి. శుభకార్యంలో ఈ పద్దు లేకుండా లెక్క మూసినవాళ్ళు చివరి రోజు అప్పు చేయక తప్పదు.

మిగిలింది రోజుల లెక్క. పూతరేకులు పది రోజుల ముందు ఆర్డరు ఇచ్చి, వేడుకకు రెండు రోజుల ముందు చుట్టించి తెచ్చుకోవాలి. వానల రోజుల్లో రేకు ఆరడం ఆలస్యమవుతుంది కాబట్టి చివరి నిమిషంలో ఇచ్చే ఆర్డరు కుదరదు. అరిసెలు మూడు రోజుల ముందు వేయించినా పర్వాలేదు. మర్నాటికి వాటిలోని పాకం సర్దుకుని ఇంకా మెత్తబడతాయి. సున్నుండలు కూడా అప్పుడే. కాజాలు, కజ్జికాయలు రెండు రోజుల ముందు, లడ్డూలు ముందు రోజు సాయంత్రం. వేడి తగ్గకుండా ఏదీ పెట్టెలో సర్దకూడదు. మూత కింద చేరిన ఆవిరి నీరై అడుగుకు దిగితే రెండో రోజుకే బూజు పడుతుంది. పళ్ళేలు సర్దడం మాత్రం ఆ ఉదయమే. ముందు రాత్రి సర్ది పెడితే చీమలు పడతాయి, అరిసెల నెయ్యి పక్కనున్న చీర మడతకు అంటుతుంది. ప్రతి పళ్ళెంలో అడుగున తమలపాకులో, బటర్ పేపరో పరిచి, మిఠాయి మీద జాలీ మూత వేసి పెట్టుకోవాలి.

పెట్టె మూత లోపల తండ్రి ఒక చిన్న చీటీ పెట్టించాడు: పూతరేకులు చుట్టిన తేదీ, ఫ్రిజ్‌లో పెట్టవద్దు, వారంలోగా తినండి. ఫ్రిజ్ నుంచి బయటికి తీసిన పూతరేకు మీద గాలిలోని తేమ చెమటలా పట్టి నిమిషాల్లో మెత్తబడుతుంది, అందుకే ఆ మాట. విందు అయ్యాక మిగిలిన బూరెలు, పరమాన్నం ఆ సాయంత్రమే వంటవాళ్ళకు, పందిరి వేసినవాళ్ళకు, పక్క వీధివాళ్ళకు పంచేయాలి. పూర్ణం మర్నాటికి పులుస్తుంది. సున్నుండలు, అరిసెలు మాత్రం డబ్బాలో వేసి అటక మీద పెట్టుకోవచ్చు. ముహూర్తాలు పెట్టుకోవడానికి వియ్యాలవారు పది రోజుల తర్వాత మళ్ళీ వచ్చినా వాటిని పెట్టవచ్చు.